రాకాసి గుళ్ళ తూర్పు కిటికీ

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు, సంతోషం.

ఊరి బయట, చెలకల అంచున, గుట్ట దిగిన చోట పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో కొంచెం ఎత్తుగా రాళ్ళకుప్ప. పశువులు కాసే పిల్లలు దాని మీద కూర్చుని ఆడుకుంటారు. పెద్దవాళ్ళని అడిగితే రాకాసి గుళ్ళు అంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్ళు అంటారు. మనుషులు ఎత్తలేని రాళ్ళు కాబట్టి రాకాసులో పాండవులో పెట్టి ఉంటారని ఊహ. పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు అని రాస్తాం. విదర్భ నుంచి కేరళ దాకా, కృష్ణా, తుంగభద్రా తీరాల పొడుగునా ఇవి వేల సంఖ్యలో ఉన్నాయి. అన్నీ ఒక రకం కావు. కొన్నిచోట్ల వలయం లోపల ఉత్త గుంత ఉంటుంది, కొన్నిచోట్ల మట్టి కాగు, కొన్నిచోట్ల రాతిపలకలతో చేసిన పెట్టె.

ఈరోజు ఆ పెట్టె గురించే మాట్లాడతాను. దాని తూర్పు పలకకి ఒక గుండ్రటి కన్నం ఉంటుంది. ఆ కన్నం ఎందుకు పెట్టారో ఆలోచిస్తూ పోతే, ఇనుప యుగం మనుషులు ఒకరితో ఒకరు ఎలా బతికారో కొంత తెలుస్తుంది. నా ఉద్దేశంలో ఆ సమాధుల్లో దొరికిన కత్తుల కంటే ఆ కన్నమే ఎక్కువ చెబుతుంది.

ముందు పెట్టె ఎలా కట్టారో చూద్దాం. ఉదాహరణకి బ్రహ్మగిరి తీసుకుందాం. మన రాయదుర్గానికి అవతల, కర్ణాటకలో చిత్రదుర్గ జిల్లా మొలకాల్మూరు తాలూకాలో ఉంది. అశోకుడి శాసనం ఉన్న చోటు కూడా అదే. అప్పట్లో పురావస్తు శాఖకి డైరెక్టర్ జనరల్‌గా ఉన్న మార్టిమర్ వీలర్ 1947లో అక్కడ తవ్వించాడు. పక్కనే మనుషులు బతికిన దిబ్బనీ, ఈ సమాధులనీ కలిపి చూసి, ఏది ముందు ఏది వెనక అని పొరల లెక్కన తేల్చడానికి చేసిన ప్రయత్నం అది.

అక్కడి సమాధి పని ఇలా జరిగింది. మొదట మొరం నేలలో గుంత తవ్వారు. అడుగున ఒక పలక పరిచారు. దాని చుట్టూ నాలుగు గ్రానైట్ పలకలు నిలబెట్టారు. వాటిని మూలలకి మూలలు కలిపి, మనం అట్టపెట్టె చేసినట్టు నిలబెట్టలేదు. ప్రతి పలకా ఒక కొసన పక్క పలకని దాటి బయటికి పొడుచుకు వస్తుంది, రెండో కొసన ఇంకో పలక ముఖానికి ఆనుకుంటుంది. పైనుంచి చూస్తే స్వస్తిక్ గుర్తులా కనిపిస్తుంది. దాని ఆంతర్యం ఏమిటంటే, బయట మట్టి నింపి దిమ్మిస చేశాక ఆ మట్టి బరువు పలకల్ని లోపలికి నెడుతుంది. మామూలుగా పెడితే ఏదో ఒక వానాకాలంలో ఒక పలక లోపలికి ఒరిగిపోతుంది. ఇలా పెడితే ప్రతి పలకనీ పక్క పలక ఆపుతుంది. సున్నం లేదు, మేకు లేదు, మట్టి నెట్టుడే వాటిని బిగించింది. రెండు మూడు వేల ఏళ్ళ తర్వాత కూడా తవ్వినప్పుడు పలకలు నిట్టనిలువుగా దొరుకుతున్నాయంటే కారణం అదే.

తూర్పు వైపు పలకకి కన్నం తొలిచారు. అడుగున్నర, రెండడుగుల వెడల్పు. సన్నటి మనిషి భుజాలు ముడుచుకుని దూరగలిగేంత. దాని ముందు చిన్న పలకలతో ఒక ఇరుకు వాకిలి, కన్నాన్ని మూయడానికి విడిగా ఇంకో పలక. ఆ పైన కప్పుబండ. దాని మీద రాళ్ళకుప్ప. ఆ కుప్ప జారిపోకుండా చుట్టూ గుండ్ల వలయం, ఒక వరసో రెండు వరసలో. అంటే మనకి ఇప్పుడు పైకి కనిపించే వలయం ఈ కట్టడంలో చిట్టచివరి భాగం.

ఇప్పుడు ఆలోచించండి. ఒక మనిషి చనిపోయాడు, పాతిపెట్టి మూసేద్దాం అనుకుంటే, పైన కప్పు వేయకముందే పెట్టవలసినవన్నీ పెట్టేసి బండ మూసెయ్యొచ్చు. గ్రానైట్‌కి కన్నం తొలవడం ఎందుకు? అది రోజులకి రోజులు పట్టే పని. రాతిమీద రాయితో, ఉలితో, అంచు విరగకుండా చుట్టూ తొలచాలి. పలక మధ్యలో పగిలితే మళ్ళీ మొదటికి. అంత శ్రమపడి ఒక దారి పెట్టారంటే, ఆ దారిని మళ్ళీ వాడాలన్న ఉద్దేశం ఉంది. దాన్ని మూసే పలక విడిగా ఉండడం కూడా అదే చెబుతోంది.

లోపలి ఎముకలు ఈ మాటకి బలం ఇస్తాయి. చాలా పెట్టెల్లో నిండు అస్థిపంజరం ఉండదు. పుర్రె, తొడ ఎముకలు, చేతుల పొడుగు ఎముకలు, అవీ ఒక మనిషివి కావు, ఒకరికంటే ఎక్కువమందివి. చిన్న ఎముకలు, అంటే వేళ్ళవి, మణికట్టువి, వెన్నుపూసలు, తక్కువ. దేహాన్ని అలాగే పాతి ఉంటే వేలి ఎముకలు చేతి దగ్గరే ఉండాలి. లేవంటే మాంసం పోయాక ఇంకెక్కడి నుంచో ఎముకలు ఏరుకుని తెచ్చారన్నమాట. ఏరేటప్పుడు పెద్దవి చేతికొస్తాయి, చిన్నవి అక్కడే మిగిలిపోతాయి. చితి చల్లారాక మనం అస్థికలు ఏరడం తెలిసినవాళ్ళకి ఇది సులభంగానే అర్థమవుతుంది. అయితే ఇక్కడ చాలాచోట్ల ఎముకలు కాలినవి కావు, ఆరుబయటో గుంతలోనో ఎండినవి.

ఆ ఎండబెట్టిన చోటు ఏది? దీనికి వీలర్ ఒక సమాధానం చెప్పాడు. బ్రహ్మగిరిలోనే పెట్టె లేని వలయాలు కూడా ఉన్నాయి. వలయం లోపల ఉత్త గుంత, అడుగున నాలుగు మూలలా నాలుగు చిన్న రాతి పలకలు. మంచం కోళ్ళ కింద పెట్టినట్టు. వాటిమీద చెక్క పాడె నిలబెట్టి దేహాన్ని ఉంచేవారనీ, మాంసం పోయాక ఎముకల్ని తీసి రాతిపెట్టెలోకి మార్చేవారనీ ఆయన ఊహ. అందమైన ఊహే. కానీ అన్ని ఊళ్ళకీ దీన్ని వర్తింపజేయకూడదు. వేరే చోట్ల ఇలాంటి గుంత వలయాల్లోనే నిండు దేహాలు పాతినవి దొరికాయి. పద్ధతి ఊరూరికీ మారింది. ఒకే శ్మశానంలో రెండు మూడు రకాలు పక్కపక్కనే ఉండడం కూడా మామూలే.

ఈ ఎముకల సంగతి తెలియక పూర్వం ఎంత పొరపాటు జరిగిందో ఒకటి చెప్పాలి. 1850ల్లో, ఇప్పటి కర్ణాటకలోని సురపురం ప్రాంతంలో మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయ అధికారి జేవర్గి దగ్గర ఇలాంటి సమాధులు తవ్వించాడు. చాలా జాగ్రత్తపరుడు, ఆ కాలంలోనే పొరల నిలువుకోత బొమ్మలు గీశాడు. ఆ బొమ్మల్ని ఇప్పటికీ మెచ్చుకుంటాం. అయితే మొండెం ఒకచోట, తల ఒకచోట ఉండడం చూసి, ఇది నరబలి అయి ఉండాలనుకున్నాడు. ఎముకల మీద కత్తి గాటు ఉందా లేదా అన్నది చూడకుండా బలి అనలేం. మెడ పూసల మీద గాటు ఉంటే అది ఒక సంగతి. గాటు లేకుండా తల వేరుగా ఉంటే, తర్వాత తెచ్చిపెట్టిన ఎముకలేనని మొదట అనుకోవాలి. బొమ్మ సరిగ్గా గీసినా అర్థం తప్పిపోవచ్చని ఆ తవ్వకమే రుజువు.

సరే, కన్నం ఉంది, మళ్ళీ మళ్ళీ తెరిచారు, ఒకరికంటే ఎక్కువమందిని పెట్టారు. అంటే ఏమిటి? సమాధి ఒక మనిషిది కాదు, ఒక వంశానిదో ఒక ఇంటిదో. తాత ఎముకలున్న చోటే మనవడి ఎముకలు చేరతాయి. ఏ వలయం ఎవరిదో మూడు నాలుగు తరాల పాటు జ్ఞాపకం ఉండాలి. రాత లేని కాలం అది. భూమి ఎవరిది, చెరువు కింద మడి ఎవరిది అన్న హక్కుని కూడా ఈ రాళ్ళే గుర్తుచేసి ఉంటాయని నేను నమ్ముతాను. దీనికి నేరుగా రుజువు చూపలేను. కానీ ఈ శ్మశానాల్లో చాలావరకు సాగునేలకీ గుట్టకీ మధ్య అంచులో, నీటి వసతికి దగ్గరగా ఉన్నాయి. ఒకప్పుడు వీళ్ళు పశువుల వెంట తిరిగే సంచారులే అన్న వాదన గట్టిగా ఉండేది. తిరిగే మనుషులు తరాల తరబడి ఒకే చోటికి ఎముకలు తెచ్చిపెట్టడం అసాధ్యం కాదు గానీ, సమాధుల్లో కొడవళ్ళు దొరకడం, తమిళనాడులోని పైయంపల్లి లాంటి నివాస స్థలాల్లో మాడిన రాగులు దొరకడం చూస్తే, సేద్యం, పశువులు రెండూ కలిసి నడిచిన బతుకులే అనిపిస్తుంది.

ఇప్పుడు రాళ్ళ బరువు లెక్కకి వద్దాం. ఇది మీరు ఇంట్లో కూడా వేసుకోవచ్చు. కప్పుబండ మూడు మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు, పావు మీటరు మందం అనుకోండి. ఒకటిన్నర ఘనమీటర్లు. గ్రానైట్ ఘనమీటరుకి రెండున్నర టన్నుల పైమాటే. అంటే నాలుగు టన్నులు. నేలమీద ఈడ్చాలంటే బరువులో సగం బలం పెట్టాలి, రెండు టన్నులు. ఒక మనిషి మోకు పట్టుకుని ఆగకుండా లాగగలిగేది పాతిక కిలోల బలం అనుకుంటే, ఎనభై మంది కావాలి. కింద దుంగలు వేస్తే ముప్పై మందితో అవుతుంది. ఎడ్లు కడితే ఇంకా తక్కువ. వందమంది ఉన్న పల్లెలో గట్టిగా మోకు లాగగలిగేవాళ్ళు ముప్పై మంది ఉంటారు. అంటే మామూలు సమాధి ఆ పల్లె తానే కట్టుకోగలదు. ఊరంతా కదలాలి, కానీ పక్క ఊరిని పిలవక్కర్లేదు.

ఇప్పుడు సిద్దిపేట జిల్లా నర్మెట్ట చూడండి. 2017లో తెలంగాణ పురావస్తు శాఖ అక్కడ తవ్వింది. అక్కడి ఒక కప్పుబండ 40 టన్నులు దాటుతుందని అంచనా వేశారు, దాన్ని లేపడానికి క్రేన్లు తేవాల్సి వచ్చింది. ఇందాకటి లెక్కకి పదింతలు. దుంగల మీద నడిపినా మూడు వందల మంది. ఇది ఒక పల్లె పని కాదు. నాలుగైదు ఊళ్ళ మనుషులు వచ్చి ఉండాలి. అన్ని రోజులు వాళ్ళకి తిండి పెట్టినవాళ్ళు ఉండాలి, ఎక్కడ ఎత్తాలి ఎక్కడ దించాలి అని కేకేసి చెప్పేవాళ్ళు ఉండాలి. అంతమందిని పిలిపించగల ఇల్లు ఆ చుట్టుపక్కల ఒకటి ఉందన్నమాట. అది కొరడాతో పిలిచిందా, చుట్టరికంతో పిలిచిందా అన్నది రాయి చెప్పదు. అయితే పెద్ద కోట గోడలు, ధాన్యపు గిడ్డంగులు, రాజముద్రలు ఈ కాలపు పల్లెల్లో కనపడవు. అందుకని రాజు అనే మాట వాడడానికి నాకు మనసొప్పదు. పేరున్న ఇల్లు, పెద్దరికం ఉన్న ఇల్లు, అంతవరకు అనొచ్చు.

లోపల పెట్టిన సామాను గురించి కొంచెం. కుండలు ఎక్కువగా నలుపు ఎరుపు రంగువి. లోపలి భాగం, మూతి నల్లగా, బయట కింది సగం ఎర్రగా ఉంటాయి. రంగు పూసింది కాదు. కుండని ఆవంలో బోర్లించి, మూతి బూడిదలోనో ఊకలోనో కూరుకుపోయేలా పెట్టి కాలిస్తే, గాలి తగలని చోట నలుపు, తగిలిన చోట ఎరుపు. పగిలిన పెంకుని చేతిలోకి తీసుకుంటే ఎక్కడిదాకా బూడిదలో మునిగిందో గీత గీసినట్టు కనిపిస్తుంది. చాలా కుండలకి అడుగు గుండ్రం, అందుకని వాటితోపాటు మట్టి కుదుర్లు కూడా దొరుకుతాయి. మా అమ్మమ్మ గడ్డితో చుట్టే కుదురుకి మట్టిలో చేసిన అక్కలాంటిది. కొన్ని కుండల మీద కాల్చిన తర్వాత గీసిన గుర్తులు ఉంటాయి. హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖని నడిపిన యాజ్దానీ 1917లోనే ఈ గుర్తుల మీద రాశాడు. అది లిపి అని నేను అనను. ఫలానా ఇంటి కుండ అని చెప్పే గుర్తు అయి ఉండొచ్చు. కాల్చాక గీశారంటే గీసింది కుమ్మరి కాదు, కొనుక్కున్నవాళ్ళో, సమాధికి తెచ్చినవాళ్ళో అని నా అనుమానం. పది ఇళ్ళవాళ్ళు పది కుండలు తెచ్చి పెట్టడం ఊహించుకోండి.

ఇనుము సంగతి. గొడ్డళ్ళు, కొడవళ్ళు, ఉలులు, ఈటె మొనలు, బాకులు, అక్కడక్కడ పొడవాటి కత్తులు. కత్తి దొరికితే వెంటనే వీరుడి సమాధి అని రాసేస్తారు. అక్కడే జాగ్రత్త కావాలి. నలుగురి ఎముకలు కలిసిపోయిన పెట్టెలో ఒక కత్తి ఉంటే, అది నలుగురిలో ఎవరిది? తుంటి ఎముక సరిగ్గా దక్కకపోతే మగ ఆడ తేడా కూడా నమ్మకంగా చెప్పలేం. మన గ్రానైట్ నేలల్లో ఎముక బాగా తినుకుపోతుంది, తుంటి చాలాసార్లు దక్కదు. కత్తి ఇంటిది, మనిషిది కాకపోవచ్చు. ఇంకొకటి, ఇనుము అప్పట్లో కొలిమిలో ఎన్నో బుట్టల బొగ్గు తగలేస్తే వచ్చే వస్తువు. విదర్భలో నైకుండ్ దగ్గర ఇనుము కరిగించిన కొలిమి బయటపడింది. అలా సంపాదించిన గొడ్డలిని వాడుకోకుండా మట్టిలో పెట్టేశారంటే, చచ్చిపోయినవాళ్ళకి అది అవసరమని గట్టిగా నమ్మి ఉండాలి. లేదా ఇంత విడిచిపెట్టగలం అని నలుగురికీ చూపించి ఉండాలి. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఇంకో లెక్క చెప్పి, ఆ తర్వాత ప్రశ్నలకి వస్తాను. వందమంది ఉండే పల్లె, ఏడాదికి ముగ్గురు పోతారు. మూడు వందల ఏళ్ళలో తొమ్మిది వందల మరణాలు. ఆ ఊరి శ్మశానంలో వంద వలయాలు ఉన్నాయనుకోండి, ఒక్కోదానిలో ముగ్గురు. మొత్తం మూడు వందలు. మిగతా ఆరు వందల మంది ఏరీ? ఈ అంకెలు నేను ఊహించి చెప్పినవే, ఏ ఒక్క ఊరివీ కావు. కానీ అంకెలు ఎలా మార్చినా లోటు పూడదు. పసిపిల్లల ఎముకలు ఈ పెట్టెల్లో తక్కువ, ఆ కాలంలో చావుల్లో సగం పిల్లలవే అయి ఉంటాయి. అంటే రాతి వలయం అందరికీ దక్కలేదు. ఇనుప యుగం సమాజం అని మనం పుస్తకాల్లో రాసేది, ఆ దక్కిన కొందరిని చూసి రాసింది. దక్కనివాళ్ళని ఎక్కడో మామూలు మట్టిలో పెట్టి ఉంటారు, లేదా కాల్చి ఉంటారు. వాళ్ళని వెతకాలంటే సమాధులు వదిలి పల్లెలు తవ్వాలి. ఆ పల్లెలు చాలావరకు ఇప్పటి మన ఊళ్ళ కిందే ఉన్నాయి.

అడగండి బాబూ, ముందు మీరు.

కాలం ఎలా చెబుతారని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఇందాక చెప్పిన కన్నమే ఇక్కడ మనకి ఇబ్బంది. పదే పదే తెరిచిన సమాధిలో బొగ్గుముక్క దొరికితే అది మొదటిసారిదా చివరిసారిదా? వీలర్ బ్రహ్మగిరి సమాధుల్ని క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దం మధ్యలో పెట్టాడు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన కుండల లెక్కతో పోల్చి వేసిన అంచనా అది. చివరి కాలానికి అది సరిపోవచ్చు. మొదలు మాత్రం చాలా వెనక్కి పోయింది. తుంగభద్ర ఒడ్డున హళ్ళూరులో 1965లో నాగరాజరావు తవ్వినప్పుడు, ఇనుము ఉన్న పొరకి రేడియో కార్బన్ లెక్కలో క్రీస్తుకి పూర్వం 1000 ప్రాంతం అని తేలింది. తమిళనాడులో శివగళై కాగుల నుంచి వచ్చిన తేదీలు ఇంకా చాలా వెనక్కి పోతాయని 2025 జనవరిలో ప్రకటించారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. అవి కాగు సమాధులు, రాతిపెట్టెలు కావన్నది గుర్తుపెట్టుకోవాలి.

ఆ వెనక అమ్మా, చెప్పండి. మీ పొలంలో ఉందా? బండ పక్కకి ఒరిగి ఉందంటున్నారు. మధ్యలో గుంత పడి, తవ్విన మట్టి ఒక పక్క కుప్పగా ఉంటే గుప్తనిధుల కోసం ఎవరో తవ్వినట్టే. నేను ఒకసారి అలాంటిదే చూశాను. బంగారం కోసం వచ్చినవాళ్ళు కుండలన్నీ పగలగొట్టి, ఎముకలు గట్టు మీదికి విసిరేసి పోయారు. పెంకులు అతికిస్తే పదకొండు కుండలు తేలాయి. ఏ కుండ ఎవరి తల పక్కన ఉండేదో మాత్రం ఇక తేలదు. అయినా మీది పూర్తిగా పోలేదు. ఆ గుంతలోకి దిగకండి, పలకలు ఒరిగే ప్రమాదం ఉంది. బయటికి తీసిన రాళ్ళు కూడా కదపొద్దు. తూర్పు వైపు పలక నిలబడి ఉందా, దానికి కన్నం ఉందా అన్నది మాత్రం పైనుంచి చూసి ఒక ఫోటో తీయండి. పక్కన ఒక గొడుగో కర్రో పెట్టి తీయండి, కొలత తెలుస్తుంది. కన్నం మూసిన పలక ఇంకా దాని చోటే ఉంటే, లోపలి మట్టి కింది పొర ఎవరూ ముట్టుకోకుండా మిగిలి ఉండొచ్చు. రేపు పొద్దున నేను మీ ఊరు వస్తాను.